సంక్రాంతికి ఆఫ్ ఎవరికి ఇవ్వాలి?

మరో ఆసుపత్రిలో ఈ మధ్యే వార్డు ఇన్‌ఛార్జి అయిన నా జూనియర్ ఒకామె మొన్న ఫోన్ చేసి, తమ దగ్గర నెలవారీ డ్యూటీ చార్టు ఇప్పుడు అరగంటలో తయారైపోతోందని సంతోషంగా చెప్పింది. పద్ధతి చాలా తేలిక. ఇరవయ్యో తేదీ ఉదయం వాట్సాప్ గ్రూపులో "వచ్చే నెల ఆఫ్‌లు పెట్టండి" అని ఒక సందేశం పెడుతుంది. ఎవరు ముందు పెడితే వారికి ఆ రోజు ఖాయమవుతుంది. రోజుకు ముగ్గురు నిండగానే ఆ తేదీ మూసేస్తుంది. "ఎవరికీ పక్షపాతం అనే మాటే రాదు మేడమ్, టైము చూపిస్తే నోరు మూసుకుంటారు" అన్నది.

పక్షపాతం లేదన్న మాటతో నేను ఏకీభవించలేకపోయాను. ఉదయం తొమ్మిదికి పెట్టిన సందేశాన్ని ముందుగా చూసేది ఆ రోజు ఆఫ్‌లో ఉండి ఇంట్లో కాఫీ తాగుతున్నవారు. మార్నింగ్ డ్యూటీలో ఉన్నవారు మందులు, రౌండ్లు, డ్రెస్సింగులు ముగించుకుని ఫోను ముట్టేసరికి పదకొండు దాటుతుంది. రాత్రంతా మేలుకుని ఎనిమిదికి దిగిపోయినవారు నిద్రలేచేసరికి సాయంత్రం నాలుగవుతుంది, అప్పటికి మంచి తేదీలన్నీ అయిపోయి ఉంటాయి. అంటే అందరికంటే బరువైన డ్యూటీ చేస్తున్నవారే వరుసగా వెనకబడుతున్నారు. టైము చూపించి నోరు మూయించవచ్చు, కానీ ఆ టైము ఎవరికి అనుకూలమో ముందే తేలిపోయి ఉంది.

నా అభిప్రాయం ఇది. ఆఫ్‌ల కోసం వచ్చే గొడవలో ఎక్కువ భాగం మనుషుల మొండితనం వల్ల కాక, మనం అడిగే ప్రశ్న వల్ల పుడుతుంది. "మీకు ఏ రోజులు ఆఫ్ కావాలి?" అని అడిగితే అందరూ పండగ మూడు రోజులూ రాస్తారు, రాయకపోతే వెర్రివాళ్లమవుతామని వారి భయం. ప్రశ్న మారిస్తే ఘర్షణలో సగానికి పైగా కాగితం మీదే కరిగిపోతుంది. మిగిలినదాన్ని కారణాలు తూచి కాకుండా, గతంలో ఎవరు ఏం వదులుకున్నారో చూసి తేల్చాలి. ఇది ఎంతవరకు నిలుస్తుందో మొన్నటి జనవరి చార్టు మీద పెట్టి చూపిస్తాను, అది నిలవని చోట్లతో సహా.

వార్డు లెక్క

మాది విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి సర్జికల్ వార్డు. స్టాఫ్ నర్సులు పద్నాలుగు మంది. మార్నింగ్ ఎనిమిది నుంచి రెండు, ఆఫ్టర్‌నూన్ రెండు నుంచి ఎనిమిది, నైట్ ఎనిమిది నుంచి ఎనిమిది. మామూలు రోజుల్లో మార్నింగ్‌కు నలుగురు, ఆఫ్టర్‌నూన్‌కు నలుగురు, నైట్‌కు ముగ్గురు కావాలి. అంటే పద్నాలుగు మందిలో పదకొండు మంది డ్యూటీ మీద ఉండాలి, ముగ్గురికి మాత్రమే ఆఫ్ దొరుకుతుంది. ఆ ముగ్గురిలోనూ నైట్స్ ముగించుకుని నైట్ ఆఫ్‌లో ఉన్నవారు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు కాబట్టి, కోరుకుని తీసుకునే ఆఫ్‌కు నిజంగా మిగిలేది రోజుకు ఒకటో రెండో చోట్లే.

అందువల్ల అభ్యర్థనలు తీసుకునే ముందు చేయవలసిన మొదటి పని, ఎన్ని చోట్లు ఉన్నాయో తేల్చుకుని అందరికీ చెప్పడం. చాలామంది ఇన్‌ఛార్జులు ఈ సంఖ్యను తమ మనసులోనే ఉంచుకుంటారు. ఎవరికైనా లేదని చెప్పినప్పుడు "ఇంకొకరిని సర్దలేరా" అని వారు అడగడానికి కారణం అదే. సంక్రాంతి వారంలో అత్యవసరం కాని ఆపరేషన్లను రోగులే వాయిదా వేసుకుంటారు. పండగ ముందు ఇంట్లో ఎవరూ హెర్నియాకు కత్తి పెట్టించుకోరు. రోజూ వార్డులో ఎంతమంది రోగులున్నారో రాసే సెన్సస్ పుస్తకంలో గత ఏడాది ఆ వారం తీసి చూశాను, సర్జన్లను అడిగి ఓటీ లిస్టు ఎలా ఉండబోతోందో తెలుసుకున్నాను, నర్సింగ్ సూపరింటెండెంట్ గారి సంతకంతో భోగి, సంక్రాంతి, కనుమ పడిన 14, 15, 16 తేదీలకు మార్నింగ్, ఆఫ్టర్‌నూన్‌లలో ఒక్కొక్కరిని తగ్గించాను. దానితో ప్రతి షిఫ్టుకు ముగ్గురు చొప్పున తొమ్మిది మంది చాలు, రోజుకు ఐదుగురికి ఆఫ్ ఇవ్వవచ్చు. నైట్‌ను మాత్రం ముట్టుకోలేదు. పండగ రాత్రుల్లో రోడ్డు ప్రమాదాల కేసులు ఏ గంటకు వస్తాయో ఎవరూ చెప్పలేరు.

తలల లెక్క సరిపోయినా చార్టు తప్పు కావచ్చు. ప్రతి షిఫ్టులో పోస్ట్-ఆప్ రోగి హఠాత్తుగా దిగజారితే గుర్తుపట్టి నిలబడగల సీనియర్ ఒకరు తప్పనిసరిగా ఉండాలి. మాకు అలాంటివారు ఐదుగురు. రోజుకు ముగ్గురు కావాలి కాబట్టి, ఏ రోజైనా సీనియర్లలో ఇద్దరికి మించి ఆఫ్ ఇవ్వలేను. ఈ మాట కూడా ముందే చెప్పాను. లేకపోతే "ఐదు చోట్లలో ఇంకొకటి ఖాళీగా ఉంది, నాకు ఎందుకు లేదు" అని ఒక సీనియర్ అడగడం న్యాయమే అవుతుంది.

డిసెంబరు 28న వేసిన చార్టు ఎవరికి పనికొస్తుంది?

మా దగ్గర వచ్చే నెల చార్టు ఈ నెల చివరి మూడు నాలుగు రోజుల్లో గోడకు అంటించడం ఆనవాయితీ. ఫిబ్రవరికో జూలైకో అది సరిపోతుంది. జనవరికి మాత్రం అర్థం లేని పద్ధతి. రైల్వే వారు ముందస్తు రిజర్వేషన్ గడువును 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. జనవరి 13న ప్రయాణం చేయాలంటే బుకింగు నవంబరు 14 ఉదయం తెరుచుకుంటుంది, విశాఖ వైపు బండ్లలో బెర్తులు చూస్తుండగానే నిండిపోతాయి. డ్యూటీ ఉందో లేదో తెలియని మనిషి ఆ రోజు ఏం చేస్తుంది? టికెట్ కొనేస్తుంది. అప్పటి నుంచి ఆమెకు ఆఫ్ కోరిక కాదు, హక్కు. "టికెట్ అయిపోయింది మేడమ్" అన్న మాటకు ఏ ఇన్‌ఛార్జి దగ్గరా జవాబు ఉండదు.

ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్‌ఎస్‌లో పనిచేస్తున్న నా స్నేహితురాలు అక్కడ రోస్టరు ఆరు వారాల ముందే వెలువడాలని చెబుతారని అంటుంది. అక్కడి ఆసుపత్రుల పనితీరుపై 2016లో వచ్చిన కార్టర్ నివేదిక సిఫారసు చేసింది కూడా అదే. మన ఆసుపత్రుల్లో నెల మొత్తానికీ అది సాధ్యం కాదు. నెల మధ్యలో రాజీనామాలు వస్తాయి, పై నుంచి ఒకరిని ఐసీయూకు లాగేస్తారు. కానీ నెల మొత్తాన్ని ఒకేసారి తేల్చాలని ఎవరన్నారు? నేను జనవరిని రెండు ముక్కలు చేశాను. పండగ మూడు రోజులనూ నవంబరు 13 లోపు తేల్చేశాను, మిగతా ఇరవై ఎనిమిది రోజులకు అభ్యర్థనలు డిసెంబరులో తీసుకున్నాను. పండగ ముక్కకు ఒక వారం గడువు ఇచ్చాను. ఆ వారంలో మొదటి గంటలో రాసినా చివరి గంటలో రాసినా విలువ ఒకటే. నైట్స్‌లో ఉన్నవారికి, సెలవులో ఉన్నవారికి ఫోన్ చేసి అడిగాను.

ఏమని అడిగాను

కాగితం మీద మూడు ప్రశ్నలే పెట్టాను. ఊరికి వెళ్లేటట్టయితే ఇక్కడ ఏ రోజు ఎన్ని గంటలకు బయలుదేరాలి, తిరిగి ఏ షిఫ్టుకు రాగలరు? మూడు రోజుల్లో ఒక్కటే దొరికేటట్టయితే ఏది కావాలి? ఏ రోజూ అక్కర్లేకపోతే, బదులుగా ఏ నెలలో ఏ రోజు కావాలి?

మొదటి ప్రశ్న ఎందుకంటే, తేదీలు అడిగితే మనుషులు ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోరు. గత ఏడాది ఒకామె 14, 15 అని రాసి, 16 ఉదయం డ్యూటీకి రాలేదు. వాళ్ల అమ్మమ్మ కనుమ నాడు కాకి కూడా కదలదని చెప్పి గుమ్మం దాటనివ్వలేదట. నిజానికి ఆమెకు కావలసింది మూడు రోజులు, రాసింది రెండే. బయలుదేరే గంట, చేరే షిఫ్టు అడిగితే ఈ దాగిన రోజు బయటపడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఎవరికి నిజంగా తక్కువ చాలో కూడా బయటపడుతుంది. తెనాలి, గుడివాడ వంటి ఊళ్లు గంటా గంటన్నర దూరం. 14న మార్నింగ్ చేసి రెండింటికి దిగిపోయి, 15 ఆఫ్ తీసుకుని, 16న ఆఫ్టర్‌నూన్‌కు వస్తే మధ్యలో నలభై ఎనిమిది గంటలు చేతికి వస్తాయి. ఖర్చయ్యేది ఒకే ఆఫ్. అదే ఆఫ్‌ను ఆఫ్టర్‌నూన్‌కు, మార్నింగ్‌కు మధ్య ఇరికిస్తే మిగిలేది ముప్పై ఆరు గంటలు. తేడా పన్నెండు గంటలే అనిపించవచ్చు, కానీ ఒకదానిలో పండగ ముందు సాయంత్రం ముగ్గులకు ఇంట్లో ఉంటారు, మరొకదానిలో ఎనిమిది దాటాక ఖాళీ బస్టాండులో ఉంటారు.

పద్నాలుగు మందిలో తొమ్మిది మంది పండగ కావాలన్నారు. ఐదుగురు అక్కర్లేదన్నారు. వారిలో ఇద్దరు క్రైస్తవులు, ఒకామె ముస్లిం, మిగిలిన ఇద్దరు ఊళ్లో ఎవరూ లేనివారు. పాత పద్ధతిలో అయితే తొమ్మిది మందీ మూడేసి రోజులు రాసేవారు, ఇరవై ఏడు ఆఫ్‌లు అవుతాయి. ఉన్నవి పదిహేను. కొత్త ప్రశ్నలతో చూస్తే తొమ్మిది మందిలో నలుగురివి మాత్రమే దూరపు ఊళ్లు, శ్రీకాకుళం వైపు, రైల్లో ఏడెనిమిది గంటలు. మిగిలిన ఐదుగురివీ దగ్గరి ఊళ్లే, వారికి సరైన చోట పెట్టిన ఒక్క ఆఫ్ చాలు.

దూరం వారిలో ముగ్గురికి నైట్స్‌ను 10 నుంచి 13 వరకు వేశాను. వారు 14 ఉదయం ఎనిమిదికి దిగి మధ్యాహ్నం బండిలో నిద్రపోతూ వెళ్లారు, 14, 15, 16 ఆఫ్, 17 ఆఫ్టర్‌నూన్‌కు తిరిగి వచ్చారు. కనుమ ప్రయాణం సంగతి ఏమిటని అడిగితే, అర్ధరాత్రి దాటాక బండి ఎక్కితే కనుమ దాటినట్టే కదా అన్నారు. నైట్ తర్వాతి తొలి రోజును చాలామంది ఆఫ్‌గా లెక్కించడాన్ని నేను సాధారణంగా ఒప్పుకోను, ఎందుకంటే ఆ రోజు నిద్రకే పోతుంది. ఇక్కడ ఆ నిద్రను రైల్లోకి నెట్టాం, అంతే. 14 రాత్రి నుంచి పండగ అక్కర్లేదన్నవారిలో ముగ్గురు నైట్స్‌కు ఎక్కారు.

ఇంతవరకు ఏ గొడవా లేదు. పదిహేనులో తొమ్మిది ఆఫ్‌లు వీరికి పోగా రోజుకు రెండు చొప్పున ఆరు మిగిలాయి. దగ్గరి ఊళ్ల ఐదుగురిలో ఇద్దరు కనుమే కావాలన్నారు, వారి ఇళ్లలో మాంసం, చుట్టాలు, అల్లుళ్లు అన్నీ ఆ రోజే. వారికి 16 ఇచ్చేశాను. మిగిలిన ముగ్గురూ, దూరం వారిలో నాలుగో ఆమె కూడా 15 కావాలన్నారు. చోట్లు రెండు, అడిగినవారు నలుగురు. అసలు ఘర్షణ ఇదొక్కటే.

కారణాలు తూచవద్దు

ఇక్కడే మామూలుగా ఇన్‌ఛార్జి గదిలోకి ఒక్కొక్కరిని పిలిచి "నీకు ఎందుకు కావాలి" అని అడగడం మొదలవుతుంది. నాకు ఆ పని ఇష్టం లేదు. అలా అడిగిన మరుక్షణం ఎవరి కష్టం పెద్దదన్న పోటీ మొదలవుతుంది, అత్తగార్ల ఆరోగ్యాలు హఠాత్తుగా క్షీణిస్తాయి. నిజం చెప్పినవారు నష్టపోతారు. "ఊరికే, మా అమ్మతో ఉండాలని ఉంది" అన్న పెళ్లికాని అమ్మాయి ఎప్పుడూ ఓడిపోతుంది, పిల్లలున్నవారు ఎప్పుడూ గెలుస్తారు. పెళ్లికానివారికే నైట్స్, పండగ డ్యూటీలు పడటం మన ఆసుపత్రుల్లో ఎంత సహజమైపోయిందో నర్సులను ఎవరిని అడిగినా చెబుతారు.

నా దగ్గర ఒక పద్దు పుస్తకం ఉంది. సంక్రాంతి, ఉగాది, రంజాన్, దసరా, దీపావళి, క్రిస్మస్, జనవరి 1. ఒక్కొక్క దానికి ఒక గడి, ఆ రోజు డ్యూటీ చేసినవారి పేరు ఎదురుగా ఒక గీత. ఎవరికి గీతలు ఎక్కువ ఉంటే వారు ముందు. సమానమైతే చీటీలు. చీటీలు అన్నిటికీ వేయవచ్చు కదా అని కొందరు అంటారు, కానీ చీటీకి నిరుటి సంగతి గుర్తుండదు. వరుసగా మూడేళ్లు ఓడినవారికి అదృష్టం సమానమేనని చెప్పి ఒప్పించలేం.

పద్దు ప్రకారం దగ్గరి ఊళ్ల ముగ్గురిలో ఇద్దరు గత సంక్రాంతికి డ్యూటీలో ఉన్నారు, వారికి 15 వచ్చింది. మూడో ఆమెకు 14 ఆఫ్ ఇచ్చి, 13న మార్నింగ్, 15న ఆఫ్టర్‌నూన్ వేశాను. అంటే సంక్రాంతి ఉదయం పొంగలి తిని పన్నెండున్నర బస్సు ఎక్కవచ్చు. మొదట ముఖం ముడుచుకుంది, గంటలు లెక్కపెట్టి చూపిస్తే ఒప్పుకుంది. దూరం నాలుగో ఆమె ఒప్పుకోలేదు. గత ఏడాది ఆమె మూడు రోజులూ ఇంట్లోనే ఉంది, పద్దులో ఆమె గీతలు అందరికంటే తక్కువ. కానీ ఈసారి వాళ్ల చెల్లెలికి పెళ్లయిన తర్వాత వచ్చే తొలి సంక్రాంతి, కొత్త అల్లుడు వస్తున్నాడు. "నిరుడు ఇంట్లో కూర్చుని ఏం చేశాను మేడమ్, ఈ పండగ మళ్లీ వస్తుందా?" అని అడిగింది.

ఆమె మాట తేలికగా తీసేయదగినది కాదు. పద్దు అన్ని సంక్రాంతులనూ ఒకే విలువతో లెక్కపెడుతుంది, జీవితం అలా లెక్కపెట్టదు. తద్దినం, కోర్టు వాయిదా, పరీక్ష, పెళ్లి వంటివి జరపడానికి వీలులేని రోజులు, వాటిని పద్దుతో అడ్డుకోవడం అన్యాయం. ఇందుకోసమే నెలకు ఒక్క రోజును కారణం చెప్పకుండా "తప్పనిసరి" అని గుర్తుపెట్టుకునే వీలు అందరికీ ఇస్తాను. అయితే పండగ రోజున అందరూ ఆ గుర్తే పెడతారు, అప్పుడు అది చెల్లదు. కొత్త అల్లుడి పండగకు మినహాయింపు ఇస్తే, వచ్చే ఏడాది తొలి మనవడి భోగిపళ్లకు కూడా ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. ఆమెకు చేసిన సాయమల్లా పద్దులో ఎవరి పక్కన ఎన్ని గీతలున్నాయో చూపించి, మార్చుకోవడానికి రెండు రోజులు ఇవ్వడమే.

ఆమె 15 దక్కిన గుడివాడ సిస్టర్‌తో మాట్లాడుకుంది. జనవరి చివరిలో ఆమెకు పడిన నాలుగు నైట్స్‌ను తాను చేసేటట్టు, ఉగాది ఆఫ్‌లో తన వరుస ఆమెకు వదిలేసేటట్టు ఒప్పందం. 14న ఒక చోటు ఖాళీగా ఉంది కాబట్టి అదీ ఈమెకే వచ్చింది. 13న మార్నింగ్ దిగి సాయంత్రం బండి ఎక్కింది, 15 రాత్రి తిరుగు బండి, 16న ఆఫ్టర్‌నూన్ డ్యూటీ. కనుమ నాటి ప్రయాణం గురించి వాళ్లింట్లో ఏమన్నారో నేను అడగలేదు. నేను రాసి ఇవ్వగలిగే మినహాయింపు కంటే ఈ బేరం మెరుగైనదని ఇప్పటికీ అనుకుంటున్నాను, ఎందుకంటే మూల్యం చెల్లించింది కోరుకున్న మనిషి, అందుకున్నది వదులుకున్న మనిషి. ఇన్‌ఛార్జి ఇచ్చే మినహాయింపులో మూల్యం ఎవరో మూడో మనిషి చెల్లిస్తుంది, ఆమెకు తెలియకుండానే.

మార్పిడికి హద్దులు ఉన్నాయి. సీనియర్ స్థానంలో సీనియరే రావాలి, నైట్ దిగినవారు అదే ఉదయం మార్నింగ్ చేయకూడదు, ఇద్దరూ సంతకం చేయాలి, ఒక రోజు ముందు నాకు తెలియాలి. ఈ మాత్రం లేకపోతే మార్పిడి పేరుతో జూనియర్లను బతిమాలి, కొన్నిసార్లు బెదిరించి, సీనియర్లు పండగలు కొనుక్కోవడం మొదలవుతుంది. ఒకే జూనియర్ సంతకం నెలలో మూడోసారి కనబడితే నేను ఆమెను విడిగా పిలిచి మాట్లాడతాను.

అడగనివారి సంగతి

నాకు ఇంకా తేలని సందేహం పండగ అక్కర్లేదన్న ఐదుగురి గురించి. వారికీ గీతలు వేశాను. ఒక సిస్టర్ నేరుగానే అడిగింది, "వాళ్లకు పండగే లేనప్పుడు వాళ్లు వదులుకున్నది ఏముంది?" అని. వదులుకున్నది లేకపోవచ్చు, కానీ మోసినది ఉంది. పండగ రాత్రి ముగ్గురితో వార్డు నడపడం, క్యాంటీన్ మూసి ఉండటం, ఆటోలు దొరకకపోవడం, ఇవి మతం చూసి తగ్గవు. పైగా మన సిబ్బందిలో క్రైస్తవులకు "మీకేం సంక్రాంతి" అన్న మాట ఎంత అలవాటంటే, కొందరు ఊళ్లో తోబుట్టువులందరూ కలిసే రోజు అదొక్కటే అయినా ఆఫ్ అడగడం మానేశారు. అందుకే మూడో ప్రశ్న పెట్టాను. దానికి జవాబుగా ఒకామె క్రిస్మస్ రాయకుండా ఏప్రిల్‌లో తమ్ముడి నిశ్చితార్థం తేదీ రాసింది.

ఎదురువాదనలో బలం లేకపోలేదు. ఏ మాత్రం కష్టం లేకుండా సంక్రాంతికి, ఉగాదికి, దీపావళికి గీతలు పోగేసుకున్నవారు క్రిస్మస్‌కు ప్రతి ఏడూ ముందుంటారు. మిగతావారిలో ఒకరికి డిసెంబరు 25న నిజంగా అవసరం పడితే ఎప్పటికీ దొరకదు. ఆఫ్ దొరికినప్పుడల్లా రెండు గీతలు కొట్టేస్తే కొంత సర్దుకుంటుందేమోనని ప్రయత్నిస్తున్నాను. ఏడాది గడిస్తే కాని చెప్పలేను.

చార్టు బాగుందా లేదా అన్నది గోడకు అంటించిన రోజు తెలియదు. పండగ మూడు రోజుల్లో ఎంతమంది ఉదయం ఏడింటికి ఫోన్ చేసి జ్వరం అన్నారన్నదే దానికి కొలమానం. జ్వరాలు నెలంతా చెదురుమదురుగా వస్తే అవి జ్వరాలు. 15, 16 తేదీల్లోనే గుంపుగా వస్తే అవి చార్టు మీద వేసిన ఓట్లు.

ఇప్పుడు మార్చి కాగితాలు నా బల్ల మీద ఉన్నాయి. ఉగాది 19న, రంజాన్ నెలవంక కనబడటాన్ని బట్టి 20న గాని 21న గాని వస్తుంది. మా ముస్లిం సిస్టర్‌కు పద్దులో గీతలు ఎక్కువే ఉన్నాయి, కాబట్టి ఒక ఆఫ్ కోసం రెండు తేదీలనూ ఆమె పేర పట్టి ఉంచుతున్నాను, పండగ కాని రోజున ఆమె ఆఫ్టర్‌నూన్‌లో అదనపు మనిషిగా వస్తుంది. ఆమె అడిగింది మాత్రం ఆఫ్ కాదు. ఉపవాసాలు ఉన్నన్నాళ్లూ ఇఫ్తార్ సమయానికి ఇంట్లో ఉండేటట్టు మార్నింగ్స్ కావాలని అడిగింది. అదే నెలలో ఇంటర్, పదో తరగతి పరీక్షలున్న పిల్లల తల్లులు ఇద్దరు, ఉదయం పిల్లలను పంపాలి కాబట్టి ఆఫ్టర్‌నూన్స్ అడిగారు. వీరి కోరికలు ఒకదానికొకటి పూర్తిగా సరిపోయాయి. ఎటొచ్చీ ముగ్గురూ నైట్స్ వద్దన్నారు. వారి నైట్స్‌ను ఎవరికి వేయాలో ఇరవయ్యో తేదీ లోపు తేల్చాలి.